ఫిబ్రవరి 17, కానీ ఏ సంవత్సరం?

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మనవాడి బాప్తిస్మం పద్దు దొరికిందని మొదటి పేజీ నిండా సంబరమే. ఉండాల్సిందేలే. మూడొందల ఏళ్లనాటి ఇంగ్లండు పల్లె చర్చి రిజిస్టరులో, వెలిసిపోయిన గోధుమరంగు సిరాలో, ఎవరూ గుర్తుపెట్టుకోని ఒక ఆర్గన్ వాయిద్యకారుడి పేరు కోసం రెండు వారాలు ధూళి పీల్చావు. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది చివర్న, సంతకం కింద ఇరికించి రాసిన ముక్క: "మాస్టారూ, ఈ పేజీలో డిసెంబరు 1711 అయ్యాక జనవరి, ఫిబ్రవరి వచ్చాయి గాని పైన సంవత్సరం మాత్రం ఇంకా 1711 అనే ఉంది. గుమాస్తా మార్చడం మరిచిపోయాడేమో."

గుమాస్తా ఏమీ మరిచిపోలేదమ్మా. నువ్వు వెతికేది అక్కడే ఉంది.

మనకు ఉగాదికి సంవత్సరం మారినట్టే, ఆ రోజుల్లో ఇంగ్లండులో చర్చి లెక్కకు, కోర్టు లెక్కకు సంవత్సరం మారేది మార్చి 25న. లేడీ డే అనేవారు. అంటే 1711 డిసెంబరు 31 మర్నాడు 1711 జనవరి 1 వస్తుంది. మార్చి 24 దాకా 1711 సాగి, ఆ మర్నాడు 1712 మొదలవుతుంది. ఈ పద్ధతి 1751తో ఆగింది. ఆ ఏడాదిని డిసెంబరు 31తోనే ముగించి, 1752ను జనవరి 1న మొదలుపెట్టారు. కాబట్టి నీ రిజిస్టరులో "1711 ఫిబ్రవరి 17" అని ఉన్నది మన లెక్కలో 1712 ఫిబ్రవరి 17. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు పడ్డ ప్రతి పద్దుకీ ఈ పేచీ ఉంటుంది, మిగతా నెలలకు ఉండదు. స్కాట్లండు మాత్రం 1600లోనే జనవరి 1కి మారిపోయింది, అక్కడి రిజిస్టరు చూస్తే ఈ సర్దుబాటు చెయ్యకు.

పెద్దవాళ్లకే ఈ తిప్పలు తప్పలేదు. సంగీతకర్త హాండెల్ పుట్టింది 1685 ఫిబ్రవరి 23న, జర్మనీలోని హాలెలో. లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చిలో ఆయన స్మారకం మీద మాత్రం 1684 అని చెక్కి ఉంది. ఇంగ్లండు లెక్కలో ఫిబ్రవరి ఇంకా పాత ఏడాదిలోదే కదా.

ఇక మన వాయిద్యకారుడు పుట్టింది 1711లో అని అన్ని పుస్తకాల్లోనూ ఎందుకు ఉంది? అక్కడే అసలు తమాషా. నువ్వు పంపిన మరణవార్త మళ్లీ చూడు: 1779 మేలో, "68వ ఏట" పోయాడని ఉంది. మన మాటలోనూ అంతేగా, 68వ ఏట పోయాడంటే 67 నిండి 68 నడుస్తోందని. తర్వాత రాసినవాళ్లెవరో దాన్ని 68 నిండినట్టు తీసుకుని, 1779లోంచి 68 తీసేసి 1711 అని వేశారు. ఆ తర్వాతివాళ్లు దాన్నే ఎత్తి రాశారు. ఎవరైనా ఓపిగ్గా రిజిస్టరు తెరిచినా, పేజీ నెత్తిన 1711 చూసి సరిపోయిందనుకుని మూసేసి ఉంటారు. తప్పుడు తీసివేత, సరిగ్గా చదవని తేదీ, రెండూ ఒకే అంకె దగ్గర కలుసుకున్నాయి. రెండు ఆధారాలు కలిశాయంటే నిజమేనని అనుకుంటాం కాబట్టే ఇది ఇన్నాళ్లు నిలిచింది. 1712 ఫిబ్రవరి నుంచి లెక్కపెట్టు: 1779 మేకి 67 నిండి, 68వ ఏడు నడుస్తోంది. వార్త రాసినవాడూ ఒప్పే, గుమాస్తా ఒప్పే.

కానీ ఇది నేను చెప్పానని రాయకు, రుజువు పెట్టు. నువ్వు ఒక్క పద్దుకే ఫొటో తీశావు. మళ్లీ వెళ్లినప్పుడు దానికి ముందు పేజీ, వెనక పేజీ పూర్తిగా తీసుకో. ఫిబ్రవరి తర్వాత మార్చి పద్దుల్లో 25 దగ్గర "1712" అని కొత్త శీర్షిక కనిపించాలి. కొందరు పాదిరీలు ముందే జనవరికి మారిపోయారు, అందుకే ఈ పుస్తకంలో ఏ పద్ధతి పాటించారో ఈ పుస్తకంలోనే చూడాలి. ఆ తర్వాత బిషప్పుకు ఏటా పంపిన నకలు అడుగు. రిజిస్టరు చర్చిలో ఉంచుకుని, దాని ప్రతి ఒకటి బిషప్పు కచేరీకి పంపేవారు. చాలా వాటి మీద "1711 లేడీ డే నుంచి 1712 లేడీ డే వరకు" అన్నట్టు రాసి ఉంటుంది. ఉంటే ఇంక వాదన అక్కర్లేదు.

ఇంకో చిన్న పరీక్ష. నీ ఫొటోలో తేదీ పక్కన ఏదో గీత ఉంది, "ఆదివారం" అన్న మాటకు పొట్టిరూపంలా కనిపిస్తోంది, నా కళ్లజోడును పూర్తిగా నమ్మను. అప్పట్లో ఇంగ్లండు వాడిన పాత జూలియన్ క్యాలెండరులో 1712 ఫిబ్రవరి 17 ఆదివారం. 1711 ఫిబ్రవరి 17 అయితే శనివారం. ఫోను టార్చిని పేజీకి పక్కనుంచి, వాలుగా వేసి చూడు, అక్కడి వాళ్లు ఒప్పుకుంటేనే. వెలిసిన సిరా కూడా కలం గీరిన చోట నీడ చూపిస్తుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. నువ్వే రాశావు, 1709లో ఇదే పేరు, ఇదే తండ్రి పేరు మరో పద్దు ఉందని. దాన్ని "బంధువు కావచ్చు" అని తేలిగ్గా తీసేశావు. వద్దు. అప్పట్లో పిల్లవాడు పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. సంగీతకర్త లుడ్విగ్ బేతోవెన్‌కు ముందు లుడ్విగ్ మరియా అని ఒకడు, 1769 ఏప్రిల్ 2న బాప్తిస్మమై, ఆరు రోజులు బతికాడు. మనకు తెలిసిన లుడ్విగ్ బాప్తిస్మం 1770 డిసెంబరు 17న. తను పుట్టింది 1772లో అని నమ్మిన ఆయన, 1810లో బాప్తిస్మ పత్రం తెప్పించమని స్నేహితుడు వెగెలర్‌కు రాస్తూ, నాకు ముందొక అన్న ఉండేవాడు జాగ్రత్త అని హెచ్చరించాడు. పత్రంలో 1770 అని వచ్చినా ఆయన నమ్మలేదు. నేనూ చిన్నప్పుడు ఇదే గోతిలో పడ్డాను. చనిపోయిన అన్నయ్య తేదీని తమ్ముడికి అంటగట్టి అచ్చేయించాను. ఖననాల పుస్తకం పక్క బీరువాలోనే ఉంది, భోజనం వేళయిందని తెరవలేదు.

కాబట్టి ఖననాలు చూడు, ఇద్దరికీ చూడు. 1709 నుంచి 1712 ఫిబ్రవరి లోపు ఆ పేరుగల పసివాడి ఖననం దొరికితే, మన వాయిద్యకారుడు రెండోవాడు. రెండోవాడే పసితనంలో పోయినట్టు కనిపిస్తే మాత్రం మన లెక్కంతా తిరగబడుతుంది, మనిషి 1709 వాడవుతాడు, 68వ ఏడు కుదరదు. అసలు ఏ ఖననమూ లేకపోతే, అదే పేరుతో ఇద్దరు తండ్రులున్నారేమో చూడాలి. నీ రిజిస్టరులో తల్లి పేరు రాయలేదు కాబట్టి వీలునామాలు, పెళ్లి పద్దులు తిరగెయ్యక తప్పదు.

అచ్చుకు వెళ్లేటప్పుడు "పుట్టింది" అని రాయకు, "బాప్తిస్మం 1711/12 ఫిబ్రవరి 17" అని రాయి. రెండు సంవత్సరాల మధ్య ఆ గీత చూస్తే తెలిసినవాళ్లకు విషయం అర్థమైపోతుంది. 1662 నాటి ప్రార్థనా పుస్తకం బిడ్డ పుట్టిన మొదటి లేదా రెండో ఆదివారం దాటనివ్వొద్దంది గనక, పుట్టుక కూడా ఆ ఫిబ్రవరిలోనే అయ్యుండొచ్చు. "అయ్యుండొచ్చు" అనే రాయి, తేదీ కల్పించకు.

ఖననాల పేజీ ఫొటోలు రాగానే పంపు, నిద్రపట్టని రాత్రులు నాకు చాలానే ఉన్నాయి.

నీ
మాస్టారు