దసరా ముందు సీపీఎమ్ పెరిగితే యాడ్స్ ఆపేయాలా?

"ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే మంగళగిరి చీరలు అమ్ముతాను. ఇన్‌స్టా యాడ్స్‌కి నెలకు 15 వేలు పెడతాను. సీపీఎమ్, అంటే యాడ్ వెయ్యి సార్లు కనిపించడానికి అయ్యే ఖర్చు, ఆగస్టులో 80 ఉండేది, దసరా ముందు 140 అయింది. యాడ్ ఖర్చు తీయక ముందు చీరకి 600 మిగులుతుంది. యాడ్స్ ఆపేయాలా, ఎఫ్‌డీ తెంచి ఇంకా పెట్టాలా?"

ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, యాడ్స్ పూర్తిగా ఆపనూ అక్కర్లేదు. యాడ్ వెయ్యి సార్లు కనిపిస్తే 10 క్లిక్‌లు, వంద క్లిక్‌లకి 2 ఆర్డర్లు వస్తున్నాయనుకుందాం, మీ అసలు అంకెలు యాడ్స్ మేనేజర్‌లో చూసి వేసుకోండి. అంటే ఒక చీర అమ్ముడుపోవాలంటే యాడ్ 5 వేల సార్లు కనిపించాలి. 80 చొప్పున అది 400 రూపాయలు. 140 చొప్పున 700, అంటే చీరకి వంద చేతి నుంచి పోతోంది. నష్టం రాకుండా మీరు భరించగల సీపీఎమ్ హద్దు 120. పైగా యాడ్స్ మేనేజర్‌లో కనిపించే సీపీఎమ్‌లో 18 శాతం జీఎస్టీ కలవదు, ఆ కట్టిన జీఎస్టీ మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రాకపోతే హద్దు సుమారు 101కి దిగుతుంది.

మీ పోటీ పక్క వీధి చీరల వాళ్లతో కాదు. ప్రతి యాడ్‌కీ వేలం జరుగుతుంది, విశాఖలో మీరు చేరాలనుకుంటున్న ఆవిడ కోసమే బిగ్ బిలియన్ డేస్ సేల్ పెట్టే ఫ్లిప్‌కార్ట్, గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ పెట్టే అమెజాన్ వాళ్లు, వాళ్ల వెనకే ఫోన్లు, మిక్సీలు, క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లు అందరూ ఒకేసారి పాట పాడతారు. అలాగని పెరిగినదంతా సేల్ పుణ్యమే అనుకోకండి. ఒక్కొక్కరికి యాడ్ సగటున ఎన్నిసార్లు కనిపించిందో చెప్పే ఫ్రీక్వెన్సీ, కనిపించినవాటిలో ఎంత శాతం క్లిక్ అయ్యాయో చెప్పే సీటీఆర్ ఎప్పటిలాగే ఉండి, అన్ని యాడ్‌లకీ ఒకేసారి సీపీఎమ్ ఎక్కితే అది వేలం రద్దీ. ఫ్రీక్వెన్సీ పెరిగి సీటీఆర్ పడిపోతుంటే మాత్రం మీ వీడియో చూసి చూసి జనానికి విసుగొచ్చింది, కొత్తది తీయండి.

నా లెక్కలో సేల్‌కి ముందు వారమే మరీ దండగ, రేటు అప్పటికే ఎక్కుతుంది, కొనేవాళ్లేమో "ఆగుదాం, తగ్గుతుందేమో" అని కూర్చుంటారు. పండగ దగ్గరపడ్డాక వంద క్లిక్‌లకి 3 ఆర్డర్లు వస్తే అదే 140 దగ్గర చీరకి 467 పడుతుంది, జీఎస్టీతో 551, ఫర్వాలేదు. అందుకే ఏడాది 1.80 లక్షల్ని పన్నెండు సమాన ముక్కలు చేయకండి. జులై, ఆగస్టుల్లో ఎక్కువ పెట్టి కొత్తవాళ్లని పేజీకి, వాట్సాప్‌కి రప్పించండి. సేల్ వారాల్లో ఆ తెలిసినవాళ్లకే చూపించండి, వాళ్ల సీపీఎమ్ ఇంకా ఎక్కువున్నా కొనే శాతం బాగుంటే గిట్టుతుంది. సంక్రాంతి అయ్యాక రేటు దిగితే సంబరపడిపోకండి, అప్పటికి కొనాల్సినవాళ్లు కొనేసి ఉంటారు, ఆర్డర్ ఖర్చు మళ్లీ లెక్కేయండి.

ఇంకోటి, పోయినేడుతో పోల్చేటప్పుడు తేదీ కాదు, పండగకి ఎన్ని రోజుల ముందో చూడండి. దసరా 2024లో అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న వచ్చింది, తేదీకి తేదీ పెడితే సేల్ వారం పక్కన మామూలు వారం వచ్చి కూర్చుంటుంది.