వీడ్కోలు కార్డులో రెండు లైన్లు: చివర్లో కాదు, మొదట్లో ప్రాస

"విశాఖ పోర్టులో మా సారు రిటైరవుతున్నారు. కార్డు మీద 'మీ మాట తీయన, మీ మనసు చల్లన' అని రాశాను. చిన్నపిల్లల పాటలా ఉందంటున్నారు. ఎలా మార్చాలి?"

పొట్టి లైన్ల చివర ఒకే శబ్దం వెంటవెంటనే రావడం వల్ల అలా వినిపిస్తోంది. పైగా ఆ మాటలు ఏ సారుకైనా సరిపోతాయి. అంత్యప్రాస వదిలేసి, మన పద్యాల్లోలాగా ప్రతి లైన్లో రెండో అక్షరం కలపండి. ఉదాహరణకి:

పొద్దున్నే షిఫ్టు మారేటప్పుడు మీ పలకరింపు,
ఇద్దరి టీని నలుగురం పంచుకున్న బీచ్ రోడ్డు సాయంత్రాలు
వద్దన్నా గుర్తొస్తాయి సార్.

ఇక్కడ మూడు లైన్లనీ కలిపేది 'ద్ద'. దాని మీద అచ్చు మారినా ఫర్వాలేదు, 'ద్దు', 'ద్ద' కలుస్తాయి. కానీ ఒత్తు లేని 'ద'తో, అంటే 'పదిమంది' లాంటి మాటతో మొదలుపెడితే ప్రాస తప్పుతుంది. లైన్ల పొడవు సమానంగా లేకపోవడం కూడా మంచిదే, మాట్లాడినట్టు ఉంటుంది.

ముందు సారు గురించి నిజమైన సంగతులు రెండు మామూలు మాటల్లో రాసుకోండి, అక్షరం తర్వాత వెతకండి. అక్షరం కోసం జరగనిది రాయొద్దు, సారుకి వెంటనే తెలిసిపోతుంది. కుదరకపోతే ఆ లైన్‌ని ప్రాస లేకుండానే ఉంచండి.

రాశాక ఫోన్లో మాట్లాడే గొంతుతో చదవండి. లైను చివర రాగం వస్తే అక్కడి మాట మార్చాలి.