వచ్చినవారు వేరు, ఉన్నవారు వేరు

సందేహం: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఆశా కార్యకర్తలకు హెచ్‌ఐవి మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ఇన్సిడెన్స్, ప్రివలెన్స్ రెండింటికీ మన పత్రికలు ‘వ్యాప్తి’ అనే రాస్తున్నాయి. వేరే మాటలున్నాయా? ఒడియాలోని ‘ప్రాదుర్భావ’ తీసుకోవచ్చా?

సమాధానం: ‘ప్రాదుర్భావం’ వద్దండి. ఒడియాలో అతిసారం ప్రబలిందనడానికి ఆ మాట సరిపోతుంది గాని, మన దగ్గర నరసింహస్వామి స్తంభంలోంచి ప్రాదుర్భవిస్తాడు. ‘వ్యాప్తి’ రోగం పాకడాన్ని చెబుతుంది, తలల లెక్క చెప్పదు. ప్రివలెన్స్‌కు కొందరు రాసే ‘ప్రాబల్యం’ ఇంకా చేటు. అది వినగానే రోగం విజృంభించిందనిపిస్తుంది. మీరు చెప్పదలచింది చాలాసార్లు అందుకు సరిగ్గా వ్యతిరేకం.

ఈ ఏడాది ఊళ్లోకి కాపురానికొచ్చిన కోడళ్లెందరు? ఊళ్లో ఉన్న కోడళ్లెందరు? ఈ రెండు ప్రశ్నలనూ మన ఆడవాళ్లెవరూ కలగలపరు. మొదటిది ఇన్సిడెన్స్, రెండోది ప్రివలెన్స్. అందుకే నేనైతే ‘ఏడాదిలో కొత్తగా సోకినవారు’, ‘ప్రస్తుతం ఉన్నవారు’ అనే రాస్తాను. మాట పొడుగైనా పొరపాటు రాదు.

ఒక లెక్క వేసి చూడండి. ఒక ప్రాంతంలో ఏటా 10 మందికి కొత్తగా హెచ్‌ఐవి సోకుతోంది, మందుల్లేక సగటున 10 ఏళ్లు బతుకుతున్నారు అనుకుందాం. కొన్నాళ్లకు వచ్చేవారూ పోయేవారూ సమానమై, ఎప్పుడు లెక్కపెట్టినా 100 మంది ఉంటారు. ఇప్పుడు ఏఆర్‌టీ మందులొచ్చాయి. రోజూ వేసుకుంటే ఒంట్లో వైరస్ అణిగి, సోకాక 35 ఏళ్లు బతుకుతున్నారనుకోండి. పైగా వైరస్ అలా అణిగి ఉన్నవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు గనక, కొత్తగా సోకేవారు ఏటా 5 మందికి తగ్గారు. చివరికి ఉన్నవారెందరు? ఐదు ముప్పైఐదులు 175. కొత్తవారు సగమయ్యారు, ఉన్నవారు పెరిగారు. ఆ 75 పెరిగింది చావు తప్పినవాళ్ల వల్లే!

మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. ఆ తర్వాతి అంకెలు చదివేటప్పుడు ఇది గుర్తుండాలి. ‘హెచ్‌ఐవి ప్రాబల్యం పెరిగింది’ అని శీర్షిక పెడితే, మందులు పనిచేసిన సంగతిని మందులు ఓడిపోయినట్టు చెప్పడమే.

ఇంకో మెలిక ఉంది. శిబిరం పెట్టి పరీక్షలు చేస్తే ఒక్కరోజులో 20 మంది బయటపడొచ్చు. వాళ్లలో కొందరికి ఎనిమిదేళ్ల కిందటే సోకి ఉండొచ్చు. కాబట్టి వాళ్లు ‘కొత్తగా బయటపడినవారు’, ‘కొత్తగా సోకినవారు’ కారు. పత్రికల్లో ‘కొత్త కేసులు’ అన్నది చాలావరకు ఈ మూడో లెక్కే. మీ పాఠంలో దానికి విడిగా ఒక గడి గీయండి.