బాషా కాదు, ఓబులేసు: ఒక స్క్రీన్‌షాట్ గురించి యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ కథ అందింది. అనంతపురం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపు, దాంట్లో ఒక స్క్రీన్‌షాట్, దాని చుట్టూ తెగిన స్నేహం. ఎత్తుగడ బాగుంది. కానీ స్నేహం చెడగొట్టినవాడు బాషా అని తేల్చావు చూడు, అక్కడే కథ దారి తప్పింది. నువ్వు రాసిన తొమ్మిది మెసేజీలనే మళ్లీ కింద పెడుతున్నా. ఈసారి మాటల ఘాటు పక్కనబెట్టి చదువు.

9:12 బాషా: ఒరే శీనా, నీ హోటల్లో బజ్జీ తిన్న్యా. పన్ను ఊడింది. డాక్టరు దుడ్లు నువ్వే ఇయ్యల్ల
9:12 శీన: నోరు మంచిదైతే కదరా పన్ను నిలబడేది
9:13 మల్లి: వాని బజ్జీతో గోడకు మేకు కొట్టొచ్చు
9:14 శీన: మీ ఇంటికి రెండు ప్లేట్లు పంపిస్తా, మిద్దె కట్టుకో
9:14 ఓబులేసు: శీన పెద్ద యాపారస్తుడు కదప్పా. మనట్లాంటోళ్ల మాట యాడ వింటాడు. ఇచ్చేది ఉన్నా గుర్తుండదు
9:21 శీన: సరే
9:22 బాషా: (నవ్వే స్టిక్కర్)
9:22 ఓబులేసు: తమాషాకన్నా లేప్పా. అంతలోనే సారుకు ముక్కు మీద కోపం
9:40 శీన: ఓబులేసు గారూ, మీ లెక్క ఆదివారం సెటిల్ చేస్తా

బాషా మాటే అన్నిటికన్నా మొరటు. కానీ అది జరగని సంగతి. బజ్జీకి పన్ను ఊడలేదని గ్రూపులో అందరికీ తెలుసు. దెబ్బ పడింది బజ్జీ మీద, శీన మీద కాదు. 'ఒరే శీనా' అని నేరుగా పిలిచి అన్నాడు, అంటే తిరిగి అనడానికి చోటిచ్చాడు. శీన అదే నిమిషంలో అంతే సైజు మాట విసిరాడు. మేకుకు మిద్దెతో జవాబు చెప్పాడు. ఎగతాళి పడుతున్నవాడు దాన్ని ఇంకాస్త పెద్దది చేసి తిప్పికొడుతున్నాడంటే ఆట నడుస్తున్నట్టే.

ఓబులేసు వాక్యంలో తిట్టు ఒక్కటీ లేదు, పైగా పొగడ్త ఉంది. మొదటి రెండు ముక్కలు వదిలేసి మూడోది చూడు: 'ఇచ్చేది ఉన్నా గుర్తుండదు'. ఇది జరిగి ఉండగల సంగతి. అప్పు నిజంగా ఉందేమో. పన్ను ఊడిందంటే దానికి ఇంకో కోత కోయొచ్చు. బాకీ ఉందంటే ఏం కోత కోస్తాడు? ఉందంటే పరువు పోతుంది, లేదంటే పదిమందిలో లెక్కలు తీయాలి. నవ్వుతూ జవాబివ్వడానికి దారి లేని మాటను నవ్వు ముసుగేసి అనడమే ఎత్తిపొడుపు. పైగా శీన గ్రూపులోనే ఉన్నా 'వింటాడు' అంటూ మిగతావాళ్లతో చెబుతున్నాడు. 'మనట్లాంటోళ్లు' అన్న మాటతో మల్లినీ బాషానీ అడక్కుండానే తన పక్కకు లాక్కున్నాడు, శీనను అవతల ఒంటరిగా నిలబెట్టాడు.

'వాని బజ్జీ' అని మల్లి కూడా అన్నాడు కదా అంటావు. నిజమే. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పొద్దు. మల్లి మాటలో ఉన్నది ఆ ఒక్కటే. ఓబులేసు మాటలో మూడు కలిశాయి: నమ్మదగిన నింద, ఎదుటే ఉన్నవాణ్ని పక్కకు పెట్టడం, మిగతావాళ్లను కూడగట్టడం.

తర్వాత ఏడు నిమిషాల ఖాళీ. దీని మీద ఎక్కువ బరువు వేయకు. రాత్రి తొమ్మిదింటికి హోటల్లో గిరాకీ ఉంటుంది, ఫోను గల్లాపెట్టె మీద పడి ఉంటుంది. ఖాళీ ఒక్కటే అయితే ఏమీ చెప్పదు. ఖాళీ తర్వాత వచ్చింది ఏమిటనేది చెబుతుంది. నిమిషానికో చమత్కారం విసిరినవాడు 'సరే' అని ఊరుకున్నాడు. అతని మామూలు కొలతకు అది చాలా పొట్టి మాట. ఎప్పుడూ 'సరే' అనే మనిషైతే దానికి ఏ అర్థమూ లేదు.

9:22 దగ్గర నువ్వు తొందరగా దాటేశావు. నా మటుకు ఈ స్క్రీన్‌షాట్‌లో అసలు సాక్ష్యం అదే. మాట తగిలిందని తెలిశాక స్నేహితుడు ఏదో ఒకటి చేసి సర్దుతాడు: 'ఊరకే అన్న్యా రా' అంటాడు, లేదా తన మీదే ఒక జోకు వేసుకుంటాడు. బాషా స్టిక్కర్ అలాంటి మొద్దు ప్రయత్నమే. ఓబులేసు 'తమాషాకన్నా' అంటూనే తప్పును శీన ముక్కు మీదికి తోశాడు. తాను వెనక్కి తగ్గినట్టు కనబడుతూ రెండోసారి పొడిచాడు.

ఇక ఆ 'గారూ'. మన సీమలో 'రా', 'ప్పా' దగ్గరితనం. 'రా' అని పిలిచే చోట 'గారు', 'మీరు' వచ్చాయంటే మనిషి దూరం జరిగాడన్నమాట. ఇందులోనూ మెలిక ఉంది. 'సార్ వచ్చినాడు, లేచి నిలబడండ్రా' అన్నదీ గౌరవమే, కానీ అది ఆట. తేడా ఎక్కడంటే, ఆటలో గౌరవం అతిగా ఉంటుంది, పక్కన 'రా' ఇంకా బతికే ఉంటుంది. శీన వాక్యంలో అతి లేదు. ఒక రోజు, ఒక పని ఉన్నాయి.

రోజు, పని అన్నాను కాబట్టి ఇంకొకటి. నీ కథలో ఇంకోచోట 'నరుకుతా నాకొడకా' అన్న మెసేజీని బెదిరింపుగా రాశావు. కడప, కర్నూలు కుర్రాళ్ల గ్రూపుల్లో ఆ మాట పుట్టినరోజు శుభాకాంక్షల పక్కనే ఉంటుంది. సినిమాలు చూసి మనల్ని అంచనా వేసేవాళ్లు భయపడతారేమో, నువ్వెందుకు భయపడాలి? దానికన్నా 'సాయంత్రం ఆరుకు నీ అంగడి కాడికొస్తా, ఉండు' అన్నదే నాకు భయం పుట్టిస్తుంది. కత్తి లేదు, కానీ టైమూ చోటూ ఉన్నాయి.

ఓబులేసును మరీ దుర్మార్గుణ్ని చేయకు. 2005లో క్రూగర్, ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు తమ బృందంతో ఒక ప్రయోగం చేశారు. కొందరితో వ్యంగ్య వాక్యాలు, మామూలు వాక్యాలు ఈ-మెయిల్లో పంపించారు. చదివేవాళ్లు 78 శాతం సరిగ్గా పోల్చుకుంటారని పంపినవాళ్లు అనుకున్నారు. నిజానికి పోల్చుకున్నది 56 శాతం. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది. రాసేవాడికి తన గొంతు తన చెవిలో వినిపిస్తుంటుంది, తెరమీద అది ఉండదు. కాబట్టి తాను తమాషాకే అన్నానని ఓబులేసు మనసారా నమ్మి ఉండొచ్చు. పగ ఉందని స్క్రీన్‌షాట్ తేల్చలేదు. మాట తగిలిందని, తగిలాక కూడా అతను ఆగలేదని మాత్రం చూపిస్తుంది.

ఇంకా తేల్చలేనివి ఉన్నాయి. కుడివైపు ఉన్న మెసేజీలు ఎవరివైతే ఆ ఫోనే స్క్రీన్‌షాట్ తీసింది. పైనా కిందా ఎక్కడ కత్తిరించాలో కూడా ఆ మనిషే ఎంచుకున్నాడు. నీ కథలో అది మల్లి ఫోను. పైన ఓబులేసు బాకీ అడిగిన మెసేజ్ ఉండి, శీన చూసీ ఊరుకుని ఉంటే? అప్పుడు ఇదే వాక్యం విసిగిపోయిన మనిషి మాట అవుతుంది. ఇన్నాళ్లూ శీన ఓబులేసును ఎంత ఆడిపోసుకున్నాడో కూడా ఈ ఒక్క తెరలో కనబడదు. కనీసం ముందు వారం మెసేజీలు నువ్వు విడిగా రాసిపెట్టుకో, కథలో పెట్టకపోయినా సరే.

దిద్దేటప్పుడు 'వెటకారంగా అన్నాడు', 'కోపంగా టైపు చేశాడు' అన్నవి తీసెయ్. 9:21 'సరే' పక్కన నువ్వు పెట్టిన ఎర్ర ముఖం ఎమోజీని నేను పైన వదిలేశా, నువ్వు కూడా తీసెయ్. అది ఉంటే ఓబులేసు రెండో మాటకు పని ఉండదు. బాషాను 9:40 తర్వాత ఒక్కసారి మాట్లాడించు, గ్రూపులో కాదు, శీనకు విడిగా. మల్లి ఆ స్క్రీన్‌షాట్ ఎవరికి పంపాడో కూడా తేల్చి, మార్చిన ప్రతి పంపు.

ఉంటాను,
మీ అన్న