శేషుకి, ఆపరేషన్ తేదీ తీసుకునే ముందు

చి. శేషుకి అక్క ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో "కళ్లజోడు లేకుండానే పేపర్ చదివేస్తున్నాను, కళ్లు బాగుపడ్డట్టున్నాయి" అని సంబరపడ్డావు చూడు, నాకు అనుమానం వచ్చింది అక్కడే. కంటి వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఈ మాట చాలామంది పెద్దవాళ్ల నోట విన్నాను. కంటిలోని సొంత లెన్సు మధ్యభాగం వయసుతో గట్టిపడి పసుపెక్కేటప్పుడు దాని పవర్ పెరుగుతుంది. దాంతో దగ్గరివి తేలిగ్గా కనిపిస్తాయి, దూరంవి మసకబారతాయి. నీ అద్దాల చీటీలు తీసి చూడు. మైనస్ 0.75 ఉన్నది 1.50 అయింది, ఇప్పుడు 2.50. అది కళ్లు బాగుపడడం కాదు, శుక్లం మొదలవడం.

ఇన్నాళ్లూ అద్దాలు మార్చినప్పుడల్లా చూపు మెరుగుపడింది. ఎందుకంటే అప్పటికి మారింది నంబరే. ఈసారి కొత్త జోడు పెట్టుకున్నా చార్టులో కింది వరసలు తేలలేదన్నావు. లెన్సు మసకబారాక లోపలికొచ్చే వెలుతురు చెదిరిపోతుంది. అద్దం వెలుతురును వంచగలదు గానీ, చెదిరినదాన్ని మళ్లీ కూడగట్టలేదు. ఇక షాపులో డబ్బు పోయకు. ఇంట్లోనే ఒక పని చెయ్యి: ఉతికిన తెల్ల పంచెను ఎండలో ఆరేసి, ఒక్కో కన్ను మూసి చూడు. ఒక కంటికి అది కాస్త పాత కాగితం రంగులో కనిపిస్తే, ఆ కంట్లో శుక్లం ఎక్కువ ముదిరిందని అనుకోవచ్చు. ఎదురొచ్చే లారీ లైట్లు ముళ్లలా విచ్చుకోవడమూ దీనివల్లే. అయితే చూపు ఉన్నట్టుండి తగ్గినా, నొప్పి పుట్టినా, మెరుపులు కనిపించినా అది శుక్లం పని కాదు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

"బాగా ముదరనీ" అనే పాత మాట పట్టుకోకు. బాగా గట్టిపడిన శుక్లాన్ని మిషన్‌తో కరిగించి తీయడం ఇంకా కష్టం. రాత్రి బండి నడపడానికి ఇబ్బంది పడుతున్నావు కదా, అదే సమయం.

ఇక శుక్లం తీసేసి దాని చోట పెట్టే లెన్సు సంగతి. ఆసుపత్రిలో రేట్ల కాగితం ముందు పెట్టి, ఖరీదైనదే మంచిదన్నట్టు చెబుతారు. సింగిల్ ఫోకస్ లెన్సు ఒక దూరానికే స్పష్టంగా ఉంటుంది. దూరానికి పెడితే చదవడానికి సుమారు ప్లస్ 2.50 అద్దాలు కావాలి. మల్టీఫోకల్ లెన్సులో సాధారణంగా సన్నని వలయాలుంటాయి. అవి వచ్చిన వెలుతురును దూరానికింత, దగ్గరికింత అని పంచుతాయి. అందుకే చాలామందికి అద్దాల అవసరం బాగా తగ్గుతుంది. కానీ పంచినప్పుడు దేనికీ మొత్తం వెలుతురు దక్కదు, కొంత వృథా కూడా అవుతుంది. మసక వెలుతురులో మెట్టు అంచులాంటివి అంత తేటగా తేలవు, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కొన్ని నెలలకు చాలామంది అలవాటు పడతారు. పడనివాళ్లకు ఆ లెన్సు తీసి వేరేది పెట్టడం మొదటి ఆపరేషన్ అంత సులువు కాదు.

నీకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. కాబట్టి లెన్సు మాట తర్వాత, ముందు కంటి వెనక రెటీనా చూపించుకో, రెటీనా పొరల్లో వాపుందేమో చూపించే ఓసీటీ స్కాన్ తీయించుకో. రెటీనా మధ్యలో చూపుకు కీలకమైన మాక్యులా అనే చోట వాపుంటే అక్కడ అసలే చూపు తక్కువ. దానికి అందే వెలుతురును మళ్లీ సగం చేయడమెందుకు? ఇప్పుడు స్కాన్ శుభ్రంగా వచ్చినా, ముందు ముందు షుగర్ ఏం చేస్తుందో తెలియదు. పైగా పొలం నుంచి చీకటి పడ్డాక బండి మీద వస్తావు. నన్నడిగితే నీకు సింగిల్ ఫోకస్సే. కంటి ముందు పొర కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే దాన్ని సిలిండర్ నంబరుగా రాస్తారు; అది ఒకటి దాటి ఉంటే దాన్ని సరిచేసే టోరిక్ రకం అడుగు, ఎక్కువ పెట్టే డబ్బు అక్కడ పెట్టు.

మరదలి సంగతి వేరు. తనకు షుగర్ లేదు, రాత్రుళ్లు బండి నడపదు, కళ్లజోడంటే చిరాకు. రెటీనా, కార్నియా బాగుండి, కళ్లు మరీ పొడిబారకపోతే తను మల్టీఫోకల్ గురించి ఆలోచించవచ్చు.

చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది: "ఏ దూరానికి సెట్ చేస్తున్నారు?" అని. రోజంతా చదువుకునేవాళ్లు దగ్గరికి పెట్టించుకుని, దూరానికి అద్దాలు వాడుకోవచ్చు. నీకు బండి ముఖ్యం కాబట్టి దూరానికే. కానీ ఇప్పుడు పడుకుని అద్దాల్లేకుండా పేపర్ చదువుతున్నావే, ఆ సుఖం పోతుంది. ముందే తెలిస్తే తర్వాత డాక్టర్ మీద కోపం రాదు.

ఆపరేషనయ్యాక కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ మసక వస్తే శుక్లం తిరిగొచ్చిందని టెన్షన్ పడకు. లెన్సు వెనక పొర మందమైతే అలా అవుతుంది. డాక్టర్ చూసి అదేనంటే యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

స్కాన్ రిపోర్టు, కంటి కొలతల కాగితం రాగానే ఫొటో తీసి పంపు. అవి చూసేదాకా ఏ ప్యాకేజీకీ అడ్వాన్స్ కట్టకు.

మీ అక్క