‘మీ ఇల్లే అనుకోండి’ రెండోసారి ఎప్పుడు అనాలి?

తిరుపతి

చిరంజీవి మధుకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కిట్ చదివాను. కాలేజీ వార్షికోత్సవానికి పన్నెండు నిమిషాలు ఇచ్చారన్నావు, కథకు అది సరిపోతుంది. తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళ ఇంటికి దర్శనం పేరుతో చుట్టాలు దిగడం మనూళ్ళో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కొర్లగుంటలో రెండు గదుల అద్దె ఇల్లు, మునిరత్నం, భార్య రేవతి, విజయవాడ నుంచి పెట్టెలతో దిగిన కోటేశ్వరరావు బాబాయ్. మనుషులు బాగా కుదిరారు. కథ గురించి ఇంకేమీ చెప్పను. నువ్వు అడిగిన కాల్‌బ్యాక్ గురించే, అంటే ముందు అన్న మాట తర్వాత కొత్త అర్థంతో తిరిగి రావడం గురించే రాస్తాను, ఎందుకంటే నీ స్కిట్‌లో మంచి కాల్‌బ్యాక్ ఒకటి ఉంది, దాన్ని నువ్వే తొక్కేశావు.

మొదటి సీన్‌లో మునిరత్నం గుమ్మం దగ్గర నిలబడి, “మొగమాటం పడొద్దండి బాబాయ్, మీ ఇల్లే అనుకోండి” అంటాడు. బాత్రూం చూపించేటప్పుడు మళ్ళీ అదే అంటాడు. ఫ్రిజ్ దగ్గర ఒకసారి, మంచం ఇచ్చేటప్పుడు ఒకసారి. చివర్లో ఐదోసారి. నవ్వు వస్తుంది, రాదనను. కానీ అది ఊతపదంతో వచ్చే నవ్వు. ఒక పాత్రకు ఊతపదం పెట్టినప్పుడు జనం దాని కోసం ఎదురుచూస్తారు, రాగానే నవ్వుతారు. ప్రతిసారీ అర్థం అదే. కాల్‌బ్యాక్‌లో మాట మాత్రం అదే ఉంటుంది, అర్థం మారిపోయి ఉంటుంది. పైగా ఆ మాట వస్తుందని జనం అనుకుని ఉండకూడదు. నడుమ మూడుసార్లు వినిపించాక ఇంక అనుకోకుండా ఎలా ఉంటారు?

కాబట్టి మూడూ కొట్టెయ్. మాట మొత్తం మీద రెండుసార్లే రావాలి.

ముందు రెండోది ఎక్కడో తేల్చుకో. నేనైతే ఎప్పుడూ మాట తిరిగి వచ్చే చోటు ముందు రాసుకుని, తర్వాత వెనక్కి వెళ్ళి దాన్ని నాటే చోటు వెతుకుతాను. నీ రాతలో చివర కూడా మునిరత్నమే బాబాయ్‌తో వెటకారంగా అంటున్నాడు, “ఇంకేం, మీ ఇల్లే అనుకోండి!” అని. ఎవరు అన్నారో వాళ్ళే అన్నారు, ఎవరితో అన్నారో వాళ్ళతోనే అన్నారు. మారింది గొంతు ఒక్కటే. ఆ మాట బాబాయ్ నోట పెట్టి చూడు.

రాత్రి ఒంటిగంట. మునిరత్నం రైల్వే స్టేషన్ నుంచి వస్తాడు. బాబాయ్ గారి బావమరిది కుటుంబాన్ని దించుకు రమ్మంటే వెళ్ళాడు. వాళ్ళు టీ తాగడానికి వీధి చివర ఆగిపోయారు, సామాను మాత్రం ఇతని నెత్తిన, చంకన ఉంది. తలుపు కొడతాడు. లోపల గడియ. మళ్ళీ కొడతాడు. బాబాయ్ ఆవులిస్తూ తలుపు తీసి, పెట్టెలతో నిలబడ్డ మనిషిని పైనుంచి కిందికి చూసి, పక్కకు జరిగి, ఎంతో ప్రేమగా అంటాడు: “మొగమాటం పడొద్దు అబ్బాయ్, మీ ఇల్లే అనుకో.”

ఇక్కడ ఏం మారిందో చూడు. మర్యాద కోసం అన్న మాట ఇప్పుడు ఇంటి యజమాని అతిథికి ఇచ్చే అనుమతి అయింది. బాబాయ్‌లో వెటకారం లేదు, నిజంగానే మర్యాద చేస్తున్నాడు. ఆ పాత్ర వేసే కుర్రాడికి ఇది గట్టిగా చెప్పు. కొంచెం ఎగతాళి కలిపినా మాట చస్తుంది. మాటలు కూడా దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ‘బాబాయ్’ బదులు ‘అబ్బాయ్’, వయసుకు తగ్గట్టు ‘పడొద్దు’, ‘అనుకో’, అంతే తేడా. విజయవాడ మనిషి మామూలుగా మొహమాటం అంటాడు, మిగతా స్కిట్ అంతా అలాగే అననీ. ఈ ఒక్కచోట మన చిత్తూరు యాసలో ‘మొగమాటం’ అంటే, ఇంటితో పాటు మునిరత్నం మాట కూడా ఆయన సొంతం అయిపోయిందని తెలుస్తుంది. నువ్వు అలవాటుగా ‘ఫీల్ అవ్వకు, సొంతిల్లు అనుకో’ అని మార్చి రాస్తావేమో, అలా చెయ్యకు. జనం మొదటి మాటను పోల్చుకోవడానికి ఒక్క క్షణం ఎక్కువ పట్టినా నవ్వు చెదిరిపోతుంది.

బొమ్మ కూడా తిరిగి రావాలి. మొదటి సీన్‌లో బాబాయ్ పెట్టెలతో నిలబడిన చోటే ఇప్పుడు మునిరత్నం అలాంటి పెట్టెలతోనే నిలబడాలి. తలుపును స్టేజీ ఎడమ వైపు పెట్టావంటే చివరిదాకా అక్కడే ఉంచు.

ఇప్పుడు నడుమ భాగం. అసలు పని ఉన్నది ఇక్కడే. చివరి మాటకు కొత్త అర్థం ఆ మాటలోంచి రాదు, నడుమ ఎనిమిది నిమిషాల్లో జనం చూసిన దానిలోంచి వస్తుంది. బాబాయ్ ఆ ఇంటిని కొంచెం కొంచెంగా సొంతం చేసుకోవడం కనిపించాలి, కానీ ఎవరూ నోటితో అనకూడదు. మొదట సబ్బు పెట్టె బాత్రూంలో పెడతాడు. తర్వాత క్యాలెండర్ ఉన్న మేకు ఖాళీ చేసి తన చొక్కా తగిలిస్తాడు. పాలబ్బాయితో రేపటి నుంచి లీటరున్నర వెయ్యమంటాడు. పక్కింటావిడ వచ్చి రేవతి ఉందా అని అడిగితే, “లోపల ఉంది, కూర్చోమ్మా” అంటాడు. రాత్రికి గడియ వేసే పని తన మీద వేసుకుంటాడు. ఈ చివరిది తప్పనిసరి, లేకపోతే ఒంటిగంటకు లోపలి గడియ ఎందుకుందో తెలియదు. ఇవి చిన్నదాని నుంచి పెద్దదానికి పోవాలి. పాలబ్బాయి ముందొచ్చి సబ్బు పెట్టె తర్వాతొస్తే ఆక్రమణ వెనక్కి నడిచినట్టుంటుంది.

నీ రాతలో రేవతి మొదటి సీన్‌లోనే పక్కకు తిరిగి, “నిజంగానే అనుకుంటే మన గతేంది?” అంటుంది. మంచి మాటే, కానీ కథ మొత్తం అక్కడే చెప్పేసింది. తీసెయ్. అయితే తీసేశాక మరో ఇబ్బంది వస్తుంది: ‘మీ ఇల్లే అనుకోండి’ అందరూ అనే మాట, ఎవరి చెవికీ ఆనదు. ఆననిది గుర్తుండదు. దానికి చిన్న కొక్కెం కావాలి. మునిరత్నం ఆ మాట అనగానే, చెప్పులు విప్పడానికి వంగిన బాబాయ్ ఆగి, నిటారుగా నిలబడి, చెప్పులతోనే లోపలికి నడిచి వస్తాడు. జనం చిన్నగా నవ్వుతారు. ఆ నవ్వుతో పాటు మాట కూడా మనసులో పడుతుంది, కానీ వాళ్ళ దృష్టి చెప్పుల మీద ఉంటుంది గనక మాట మళ్ళీ వస్తుందని అనుమానించరు.

నాటిన మాట సరిగ్గా పడిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. కథ తెలియని ఇద్దరు స్నేహితులకు స్కిట్ చదివి వినిపించు. ఒంటిగంట సీన్‌కు ముందు ఆపి, మునిరత్నం బాబాయ్‌ని ఏమని లోపలికి పిలిచాడని అడుగు. “ఏదో మీ ఇల్లే అనుకోమన్నాడు” అని కొంచెం తడుముకుని చెబితే సరిగ్గా ఉంది. టక్కున మొత్తం మాట అప్పజెబితే బరువు ఎక్కువైంది, కొక్కెం తగ్గించాలి. అసలేమీ గుర్తు రాకపోతే ఎక్కువగా దాచావు. అడిగాక మాత్రం ఆ ఇద్దరూ ఇంక పనికిరారు, చివరి సీన్ పరీక్షకు వేరేవాళ్ళను పట్టుకో.

నాటే చోటు గురించి ఒక మాట. నువ్వు తెర లేవగానే పెట్టావు. వార్షికోత్సవంలో మొదటి నిమిషం ఎవడూ వినడు. కుర్చీలు జరుపుకుంటూ ఉంటారు, మైకు కుయ్యిమంటుంది. ముందు ఫోన్ సీన్ ఒకటి పెట్టు. బాబాయ్ ఫోన్‌లో దర్శనం టికెట్, రూము, లడ్డూలు వరసగా అడుగుతాడు, మునిరత్నం నీళ్ళు నములుతాడు. రెండు నిమిషాలు దాటాక గుమ్మం సీన్ రావాలి. ఇదే కథను సెల్‌ఫోన్‌కు రీల్‌గా తీద్దామంటే వద్దంటాను. ఒక నిమిషంలో మాట పాతబడదు, పాతబడనిది తిరిగొచ్చినా తిరిగొచ్చినట్టుండదు.

ఇంకొకటి. రాత్రంతా మునిరత్నం విష్ణు నివాసంలో క్యూలో నిలబడి బాబాయ్ వాళ్ళందరికీ సర్వదర్శనం టోకెన్లు తెచ్చాడని రాశావు. హాల్లో కూర్చునేది తిరుపతి వాళ్ళు. టోకెన్‌కు ఆ మనిషే ఆధార్ పట్టుకుని రావాలని వాళ్ళకు తెలుసు. “అదెట్లా ఇస్తారబ్బా?” అని పక్కవాడితో అన్నాడంటే, ఆ పది సెకన్లలో నీ నడుమ భాగం పోయినట్టే. నేను క్యూను రైల్వే స్టేషన్‌గా మార్చింది అందుకే.

ఇక అన్నిటికంటే నాకు కోపం వచ్చిన లైను. చివరి మాట తర్వాత మునిరత్నం జనం వైపు తిరిగి, “ఇది నేనన్న మాటే కదా!” అంటాడు. మధూ, ఆ గుర్తుపట్టడం జనం చేసుకోవాల్సిన పని. వాళ్ళ నవ్వులో సగం, తామే కనిపెట్టామన్న సంబరం. అది నువ్వు లాక్కుంటున్నావు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఎప్పుడో అడిగిన కొంటె ప్రశ్నను అవధాని తర్వాత ఇంకో జవాబులో అలవోకగా ఇరికించాడనుకో, సభ దానంతటదే చప్పట్లు కొడుతుంది. ఇందాక మీరడిగిందే సుమా అని అవధాని వేలు చూపిస్తే ఏం బాగుంటుంది?

మునిరత్నం ఏమీ అనకూడదు. ఒక్క క్షణం బాబాయ్‌ని చూసి, పెట్టెలు కింద పెట్టి, చెప్పులు గుమ్మం బయట విప్పి, అణకువగా లోపలికి రావాలి. బాబాయ్ విప్పని చెప్పులు ఇతను విప్పుతున్నాడు. మాటతో ఒక నవ్వు వస్తుంది, దాని వెనకే మాట లేకుండా రెండోది. లైటు అక్కడ ఆపెయ్యండి. నువ్వు రాసుకున్న ఇంటి ఓనర్ అద్దెకు వచ్చే సీన్ దీని తర్వాత నిలవదు, దాన్ని ఇంకో స్కిట్‌కు దాచుకో.

రిహార్సల్లో నవ్వు ఎక్కడ మొదలవుతుందో చెవి పెట్టి విను. ‘మొగమాటం’ అనగానే మొదలైతే జనం మిగతా మాట తామే పూర్తి చేసుకున్నారన్నమాట. అప్పుడు బాబాయ్ వేసేవాడు తొందరపడకుండా, నవ్వు కొంచెం తగ్గనిచ్చి ‘మీ ఇల్లే అనుకో’ అనాలి. మాట అయిపోయాక ముందు వరసలో గుసగుసలు, తర్వాత అక్కడక్కడా నవ్వు వస్తే, ఒకరికొకరు చెప్పుకుంటున్నారని అర్థం. అంటే మొదటిసారి మాట ఆనలేదు. అప్పుడు చివరి సీన్ మీద పడి దిద్దకు, గుమ్మం సీన్‌కు వెళ్ళు. మునిరత్నం ఆ మాట అంటుంటే వెనకాల ఎవరో కదులుతూ ఉంటారు, లేదా బాబాయ్ తొందరపడి చెప్పులు ముందే విప్పేసి ఉంటాడు.

తిరగరాసి ఆదివారంలోపు పంపు. లడ్డూల మీద కూడా ఒక కాల్‌బ్యాక్ పెడదామని అత్తయ్యతో అన్నావట. పన్నెండు నిమిషాల్లో వద్దు.

మీ మామయ్య