మధ్యాహ్నానికి పుల్లబడే, గట్టిపడే పెరుగన్నం

"పొద్దున్న ఏడింటికి బాక్సులో పెట్టిన పెరుగన్నం ఒంటిగంటకి పుల్లగా, గట్టి ముద్దలా అయిపోతోందండీ. ఏం చేయాలి?"

బాక్సులోకి పెరుగన్నం కాదండీ, పాలన్నం కలిపి తోడు వేయండి. పెరుగు ఎక్కువైతే అందులోని సూక్ష్మజీవులు మన విశాఖ ఉక్కపోతకి త్వరత్వరగా పులుపు పెంచేస్తాయి. పాలు ఎక్కువ ఉంటే తినే వేళకి కమ్మగా తోడుకుంటాయి.

ఒక కప్పు అన్నం మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, కాచిన పాలు ఒక కప్పు పోయండి. బాగా గోరువెచ్చగా అయ్యాక కమ్మటి పెరుగు ఒక చెంచా, ఉప్పు కలపండి. వేడిగా ఉండగా పెరుగు వేస్తే తోడుకోకుండా పాలు విరిగే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో పెరుగు అర చెంచా చాలు, పాలు కూడా ఫ్రిజ్‌లోవి చల్లగా పోయండి. డిసెంబరులో గోరువెచ్చటి పాలు, పెరుగు రెండు చెంచాలు.

గట్టిపడటానికి కారణం అన్నమే. చల్లారేకొద్దీ తడి పీల్చేసుకుంటుంది. అందుకే మూత పెట్టేటప్పుడు జావలా జారుగా ఉండాలి. అప్పటికే తినడానికి సరిగ్గా ఉందనిపిస్తే, ఇంకో పావు కప్పు పాలు పోయాల్సిందే.

తాలింపు చల్లార్చి కలపండి. ఉల్లి, కీర ముక్కలు నీరు వదులుతాయి, విడి డబ్బాలో పెట్టండి. రాత్రంతా బయట ఉన్న అన్నం మాత్రం వద్దు. అందులో పెరిగిన సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. తీగలు సాగినా, వాసన మారినా పారేయండి.